కుడికి తిరిగిన బాతు

ముందు శబ్దం వినిపిస్తుంది. టిక్. తర్వాత కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టిక్, టిక్. గోడకి అవతల ప్రెస్సులు దబ్బుదబ్బుమని సబ్బుబిళ్లలు కొడుతుంటాయి, పెద్ద బానల్లో నూనె గుడగుడమని ఉడుకుతుంటుంది. ఆ గోల మధ్యలోంచి ఈ చిన్న శబ్దం, ఆకు మీంచి జారిన చినుకులా, దేనికీ తగలకుండా వచ్చి చెవిలో పడుతుంది. దాని వెంట నడిస్తే గిడ్డంగి వెనక ఒంటికిటికీ గది. బల్ల మీద అరచేతి మందాన ఇత్తడి దిమ్మ. దిమ్మ మీదికి వంగిన నెరిసిన తల. ముక్కు చివరికంటా జారి, అక్కడ ఏదో గుర్తొచ్చి ఆగిపోయినట్టున్న కళ్ళద్దాలు.

ఫ్యాక్టరీ అంతా ఆయన్ని ఉలి బాబాయి అంటుంది. జీతాల పుస్తకంలో వేరే పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఎవరినా అని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు. అరవై రెండేళ్ళు. నలభై ఏళ్ళుగా ఆయన పని ఒకటే, సబ్బు మీద పడే బాతుని ఇత్తడిలో చెక్కడం. ప్రెస్సు కింద రోజూ వేల బిళ్లల్ని కొట్టీ కొట్టీ అచ్చు నాలుగైదేళ్ళకి అరిగిపోతుంది. అప్పుడు పాత అచ్చుని పక్కన పెట్టుకుని, దాన్నే చూస్తూ, కొత్త దిమ్మ మీద మళ్ళీ చెక్కుతాడు. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి.

అసలది బాతు కాదు. కంపెనీ పెట్టిన పెద్దాయన మనసులో ఉన్నది హంస. కానీ అరిగినదాన్ని చూసి చెక్కిన ప్రతిసారీ మెడ ఒక వెంట్రుకవాసి కురచయింది, కడుపు ఒక వెంట్రుకవాసి ముందుకొచ్చింది. కొన్నాళ్ళకి అది తనంతట తనే బాతైపోయి హాయిగా కూచుంది. జనం బాతు సబ్బు అన్నారు. పెద్దాయన పోయేదాకా "హంసయ్యా, హంస!" అంటూనే ఉన్నాడు. ఆయన అంటున్నంతసేపూ అందరూ తలూపేవాళ్ళు, ఆయన వెళ్ళగానే మళ్ళీ బాతు అనేవాళ్ళు.

ఇప్పుడు కంపెనీ పెద్దాయన మనవరాలి చేతిలో ఉంది. బిళ్లలతో పాటు సీసాల్లో ద్రవం సబ్బు అమ్మాలని ఆమె పట్టుదల. సీసా వస్తే చీటీ కావాలి, చీటీ మీద గుర్తు కావాలి, అదే గుర్తు ఫోన్లో గోరంత చోటులో కూడా కనబడాలి. బాతు బొమ్మని గోరంత చేసి చూస్తే బూజుముక్కలా ఉంది. అందుకని కంపెనీ ముందు ఒక ప్రశ్న వచ్చి నిలబడింది. ఉన్న బాతునే సరిదిద్దుకోవాలా, తీసేసి కొత్త గుర్తు పెట్టుకోవాలా?

సేల్సు చూసే ఆయనకి ఆ ప్రశ్నే అనవసరం. ఆయన అప్పుడే నీలం రంగు నీటిబొట్టు ఒకటి గీయించి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

"బొట్టు, బాబాయ్. శుభ్రంగా ఉంటుంది. కాలానికి తగ్గట్టుంటుంది," అన్నాడు ఆ కాగితం బల్ల మీద పరిచి.

ఉలి బాబాయి దాన్ని తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు. "దీనికి ఉలి ఎందుకు నాయనా? బొటనవేలితో నొక్కితే పోలా?"

"అదే కదా దాని గొప్పతనం!"

"గొప్పే. రేపు నా ఉద్యోగానికి నా బొటనవేలు దరఖాస్తు పెట్టుకుంటుంది."

నవ్వులాటగా అన్నాడు గానీ, సేల్సాయన వెళ్ళాక చాలాసేపు సుత్తి చప్పుడు రాలేదు. ఆయనకి ఉద్యోగం మీద బెంగ లేదు. ఇవాళ కాకపోతే రేపు ఎలాగూ మానేస్తాడు. తను మానేసినా బాతు ఉంటుందని, ఎవరో పెరట్లో తడిచేత్తో దాన్ని అరగదీస్తూనే ఉంటారని ఆయన ధైర్యం. ఇన్నేళ్ళు తను చేసిందంతా నురగై కాలవల్లో పోయింది. మిగిలింది ఆ బాతు రూపం ఒక్కటే.

మనవరాలు తొందరపడే మనిషి కాదు. ఒక డిజైనర్ని పిలిపించింది. ముఖం కంటే పెద్ద కళ్ళజోడు పెట్టుకున్న పాతికేళ్ళ అమ్మాయి. మొదటి రోజే ఉలి గదికొచ్చి, చెప్పులు బయట విడిచి, ఇత్తడి రజను మీద వట్టి కాళ్ళతో నడిచి అబ్బా అంది. బాబాయికి నచ్చింది.

"బాబాయ్ గారూ, నాకు బాతు అందంగా ఉందో లేదో అక్కర్లేదు. జనం బుర్రలో అది ఎంత ఉందో కావాలి," అంది. "వంద మందికి తెల్లకాగితం ఇస్తాను. సబ్బు చూపించను. గుర్తున్నంతవరకు బాతుని గీయమంటాను. అందరి బొమ్మల్లోనూ ఏది కనిపిస్తే అది ముట్టుకోకూడదు. మిగతాది సరిదిద్దుకోవచ్చు. ఎవరి బొమ్మలోనూ ఏదీ కలవకపోతే, జనం దాన్ని ఎప్పుడో వదిలేశారని అర్థం. అప్పుడు మనం పట్టుకుని వేలాడటం దండగ."

"బాగుందే! నలభై ఏళ్ళకి నాకు పరీక్షన్నమాట."

"మీకు కాదండీ, బాతుకి."

"అదీ నేనూ వేర్వేరుగా ఎప్పుడూ పరీక్ష రాయలేదు తల్లీ."

వారం తిరిగేసరికి వంద కాగితాలూ మీటింగు గది గోడకెక్కాయి. మధ్యాహ్నపు ఎండ వాటి మీద పడి, గోడ మొత్తం ఒక చెరువైనట్టు, అందులో నానాజాతి పక్షులు దిగినట్టు ఉంది. ఒకరు కోడిని గీశారు. ఒకరు బాతుకి బూట్లు తొడిగారు. ఒక పెద్దావిడ బాతుని మానేసి, ఎదురుగా కూర్చున్న డిజైనర్ని కళ్ళజోడుతో సహా గీసి కింద "బాగా చిక్కిపోయావు, తిను" అని రాసింది. అయినా తొంభైఒక్క కాగితాల్లో ఉబ్బిన కడుపుంది, పైకి లేచిన తోక ఉంది, ఒకే ఒక్క కాలుంది.

"చూశారా!" అన్నాడు బాబాయి.

"చూశాం," అన్నాడు సేల్సాయన. "మరి ముక్కు ఎటుంది?"

అందరూ గోడకేసి తిరిగారు. యాభైరెండు బాతులు ఎడమకి చూస్తున్నాయి. నలభైఏడు కుడికి చూస్తున్నాయి. సంతలో తప్పిపోయినవాళ్ళలా ఒకదాన్నొకటి దాటుకుని చెరోవైపు పోతున్నాయి.

"సగం అటు, సగం ఇటు! దాని తల ఎటుందో జనానికే తెలీదు," సేల్సాయన చేతులు దులుపుకున్నాడు. "బాతన్నాక కడుపూ తోకా ఎవరైనా గీస్తారు. ఇది మన బాతని చెప్పేది ఏముంది ఇందులో?"

డిజైనరు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది. అయినా లెక్క మారలేదు. "ఆయన అన్నదాంట్లో న్యాయం ఉందండీ," అంది నెమ్మదిగా. "దిక్కు ఇంతగా చీలిందంటే రూపం మనసులో గట్టిగా పడలేదనే అనుకోవాలి. ఇలా ఉంటే కొత్తది పెట్టమనే చెప్పాల్సొస్తుంది."

మనవరాలు గోడ మీది ఒక బాతు మెడని వేలితో తడిమింది. "తాతయ్య హంస," అంది. తర్వాత, "శుక్రవారం తేల్చేద్దాం," అంది.

గదిలో ఉలి బాబాయి ఒక్కడికే తెలుసు, ఆ బాతులు అటూ ఇటూ ఎందుకు పోతున్నాయో.

ముప్ఫైనాలుగేళ్ళ కింద, ఆయనకి పెళ్ళయిన వారానికి, అచ్చు పగిలింది. బాగుచేయడానికి లేకుండా రెండు ముక్కలై, ఎవరో చూడకుండా తుక్కు బండిలో వేసేశారు. పక్కన పెట్టుకుని చూసి చెక్కడానికి పాత అచ్చు లేదు. సరే, సబ్బుబిళ్ల ఉందిగా అనుకుని దాన్ని ఎదురుగా పెట్టుకుని, చూసింది చూసినట్టు చెక్కేశాడు. అచ్చులో ఎడమకి ఉంటే సబ్బు మీద కుడికి పడుతుందనేది ఆ పనిలో మొదటిరోజు నేర్పే సంగతి. అచ్చుని చూసి అచ్చు చెక్కితే ఉన్నది ఉన్నట్టే వస్తుంది. సబ్బుని చూసి చెక్కేటప్పుడు మాత్రం తిప్పి చెక్కాలి. ఆయన తిప్పలేదు. సబ్బుకి ఆ పక్కన అక్షరాలు లేవు. ఉంటే మొదటి దెబ్బకే తిరగబడ్డ సంగతి బయటపడేది. ఒట్టి పక్షి కాబట్టి ప్రెస్సు దగ్గరివాళ్ళు ఒట్టి పక్షిగానే చూశారు.

తర్వాత జరిగిందంతా మర్యాదల వల్ల జరిగింది. పైకాగితం అచ్చువేసేవాడు సబ్బు చూసి, ఆఫీసువాళ్ళు మార్చారు కాబోలని కాగితం మీదా తిప్పేశాడు. ఆఫీసువాళ్ళు కాగితం చూసి, పెద్దాయన మార్పించి ఉంటాడని ఊరుకున్నారు. పెద్దాయన అది చూసి, ఇందరు తెలిసినవాళ్ళు ఒప్పుకున్నారంటే ఏదో కారణం ఉంటుందని, అడిగితే తనకి తెలియదని తెలిసిపోతుందని, నోరు మెదపలేదు. దుకాణాల మీది పాత రేకు బోర్డులు మాత్రం ఎడమకే చూస్తూ తుప్పుపట్టాయి.

ఈ సంగతి చెప్పేస్తే బాతు బతుకుతుంది. మరి ముప్ఫైనాలుగేళ్ళు ఎందుకు చెప్పలేదూ అంటే, అందుకు కారణం ఫ్యాక్టరీలో లేదు. ఇంట్లో ఉంది.

పెళ్ళయిన కొత్తల్లో, ఒకరోజు సాయంత్రం పనినుంచి రాగానే, భార్య పెరట్లో కుళాయి దగ్గరికి పిలిచింది. చేతులనిండా నురగ. పక్కన కొత్త సబ్బుబిళ్ల.

"మా ఇంట్లో వాడినన్నాళ్ళూ ఇది అటు చూసేది," అంది తల దించుకుని. "ఇక్కడ నేను బట్టలుతికే చోట కూచుంటే నావైపు చూస్తోంది. మీరే తిప్పారు కదూ?"

తప్పు జరిగిందని ఆయనకి తెలిసిందే ఆ క్షణాన. బిళ్ల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డ ఆ ముఖం చూస్తూ ఏ మగాడైనా ఏం చెప్పగలడు?

"ఊఁ," అన్నాడు.

ఆ ఒక్క ఊఁ అప్పటినుంచీ కాపురంలో మూడో మనిషిలా ఉంటూ వచ్చింది. ఎప్పుడు గొడవైనా ఆవిడ చివరికి, "పోన్లే, ఊరందరి సబ్బునీ నాకోసం తిప్పిన మనిషి," అని మెత్తబడేది. చెల్లెళ్ళకి చెప్పింది. పిల్లలకి చెప్పింది. ఆడపడుచు ఒకసారి తన మొగుణ్ణి, "మా అన్నయ్యని చూసి నేర్చుకోండి," అంటే, ఆ బావగారు నెల్లాళ్ళు బాబాయితో మాట్లాడలేదు.

గురువారం రాత్రి అన్నం దగ్గర ఆయన రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లూ మంచినీళ్ళు తాగాడు.

"ఏమైందండీ?"

"బాతుని తీసేస్తారట."

ఆవిడ గరిటె ఆగింది. "నా బాతునా?"

"ఊఁ," అన్నాడు మళ్ళీ. అలవాటైన అబద్ధంలోంచి కొత్త నిజం ఒకటి బయటికొచ్చినట్టు ఆయనకే వింతగా అనిపించింది.

శుక్రవారం మీటింగుకి ఆయన ఒక సంచితో వెళ్ళాడు. సంచిలోంచి మూడు వస్తువులు తీసి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు వాడుతున్న అచ్చు, ఇంకా ఆరని మెత్తని సబ్బుముద్ద, గొంతు తడుపుకోవడానికి నీళ్ళసీసా. మూడోదాన్ని ముందు వాడాడు.

అచ్చుని సబ్బులోకి నొక్కి తీశాడు. "చూడండి. ఇత్తడిలో ఎడమకి. సబ్బు మీద కుడికి. పెద్దాయన రోజుల్లో ఇది సరిగ్గా తిరగబడి ఉండేది. నేనొకసారి సబ్బుని చూసి చూసినట్టే చెక్కేశాను. పొరపాటు. నాది. ముప్ఫైనాలుగేళ్ళయింది."

మనవరాలు అచ్చుని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"అంటే," అన్నాడు సేల్సాయన, "ఇన్నేళ్ళూ మన బాతు వెనక్కి నడుస్తోందా?"

"నడక మామూలే నాయనా. మొహమే మారింది." బాబాయి డిజైనర్ వైపు తిరిగాడు. "తల్లీ, ఆ కాగితాల మీద ఎవరి వయసెంతో రాయించావా?"

"వెనకాల ఉందండీ. సబ్బు వాడకం లెక్కకి చూశాను గానీ, ముక్కుతో కలిపి చూడలే..." మాట పూర్తికాకుండానే లేచి గోడ దగ్గరికి పరిగెత్తింది. కాగితాలు ఊడదీయడం మొదలుపెట్టింది. మనవరాలు కూడా చెప్పులు విడిచి నేల మీద కూచుంది. కాసేపట్లో నేల మీద రెండు చెరువులు తేలాయి. ఎడమకి చూసే యాభైరెండింటిలో నలభైఏడు, నలభైఐదు దాటినవాళ్ళవి. కుడికి చూసే నలభైఏడింటిలో నలభైఐదు, అంతకన్నా చిన్నవాళ్ళవి.

"మిగిలినవాళ్ళు?" అంది మనవరాలు.

డిజైనరు ఒక కాగితం తిప్పింది. "ఇతని వయసు ఇరవై. రేకు బోర్డున్న దుకాణం పైన అద్దెకుంటాడట." కళ్ళజోడు ముక్కు మీద ఎగిరింది. "వీళ్ళకి గుర్తులేకపోవడం కాదండీ ఇది! చిన్నప్పుడు ఎటు చూశారో అటే గీశారు. బాబాయ్ గారి పొరపాటు తారీఖుతో సహా జనం గుర్తుపెట్టుకున్నారు. ఇంత గట్టి గుర్తుని తీసేయమని నేను చెప్పను."

బాబాయి తన పాత అచ్చులన్నీ తెప్పించి సబ్బులో వరసగా నొక్కాడు. ఆ పగిలినదాని తర్వాత చెక్కినవన్నీ. మొదటిదాంట్లో సన్నని మెడ, చివరిదాంట్లో నిండు కడుపు. మధ్యలో ఎక్కడ ఏది ఎప్పుడు మారిందో ఎంత చూసినా చెప్పలేకపోయారు. సాయంత్రం ఎప్పుడు చీకటైందో చెప్పలేనట్టే.

"మనం ఇప్పుడు చేసేదీ ఇదే," అంది డిజైనరు. "కడుపు, తోక, ఒంటికాలు ముట్టుకోను. ఈకల గీతలు చిన్న సైజులో పేరుకుపోతున్నాయి, అవి తీసేస్తాను. అంచు లావు చేస్తాను. పదో అచ్చు అనుకోండి."

"మరి ఎటు తిప్పుతాం?" అన్నాడు సేల్సాయన, ఓడినా వదలకుండా. "రిజిస్టరైన కాగితంలో ఎడమకి ఉంది. నిన్ననే చూశాను."

"చీటీ మీద పేరుకి ముందు బాతు వస్తుంది. ఎడమకి తిప్పితే మన పేరుకే వీపు చూపిస్తుంది. కుడికైతే పేరు వైపు చూస్తుంది. పైగా సీసాలు కొనబోయేది ఈ చిన్న వయసువాళ్ళే. కుడికే ఉంచుదాం. కొత్త రూపాన్ని మళ్ళీ రిజిస్టరు చేయించండి, ఎలాగూ చేయించాలి."

మనవరాలు నవ్వు ఆపుకోలేకపోయింది. "బాబాయ్, తాతయ్యకి ఎందుకు చెప్పలేదు?"

"ఆయన అడగలేదమ్మా. నేనూ అడగమనలేదు."

"సరే. పొరపాటు ఖాయం చేస్తున్నాం. పదో అచ్చు మీరే చెక్కాలి."

బాతు గండం గట్టెక్కింది. బాబాయి గండం అప్పుడే మొదలైంది. ప్యాకింగులో పనిచేసే ఆడవాళ్ళు నలుగురు వాళ్ళ వీధిలోనే ఉంటారు. ఆయన ఇంటికి చేరేలోపే వార్త చేరి, కాళ్ళు కడుక్కుని, వంటగదిలో కూచుని ఉంది.

ఆవిడ ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, మర్నాడూ అనలేదు. అన్నం గిన్నె పెట్టిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు, అంతే. ఆ మౌనంలో బాబాయి నాలుగు రోజులు తిరిగాడు, సామాన్లు మార్చిన ఇంట్లో చీకట్లో నడిచినట్టు, ప్రతి మూలా మోకాలికి తగులుతూ.

ఐదోరోజు ఆవిడ ఫ్యాక్టరీకొచ్చింది. పెళ్ళయ్యాక మొదటిసారి. తిన్నగా ఉలి గదిలో పనిచేసుకుంటున్న డిజైనర్ దగ్గరికెళ్ళి కుర్చీ లాక్కుని కూచుంది. తెర మీద కొత్త బాతు ఉంది, నున్నగా, బొద్దుగా. కంట్లో మెరిసే చుక్క కూడా ఈకలతో పాటే పోయింది.

"దీనికి చూపేదీ?" అంది.

"చిన్న సైజులో ఆ చుక్క నిలవదండీ, పిన్నిగారూ."

"మరి పెద్ద సైజులో?"

డిజైనరు పెద్ద బొమ్మలో చుక్క పెట్టింది. బాతు ఉన్నట్టుండి ఎవరినో చూసింది. "పెద్దదానికి ఒకలా, గోరంతదానికి ఒకలా రెండూ ఉంచవచ్చండీ," అంది తనలో తను అనుకున్నట్టు, రాసుకుంటూ.

గుమ్మంలో బాబాయి నిలబడి ఉన్నాడు, లోపలికి రావాలో వద్దో తెలియక. ఆవిడ తల తిప్పకుండానే అడిగింది.

"పొరపాటేనా?"

"పొరపాటే."

"అంతకుముందు ఎప్పుడైనా అలా చేశారా?"

"లేదు."

"తర్వాత?"

"లేదు."

"మరి ఆ ఒక్క వారం మీ బుర్ర ఎక్కడికెళ్ళిందట?"

బాబాయి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. డిజైనరు తెర మీదకి మరీ వంగి, ఏమీ లేనిచోట ఏదో దిద్దుతున్నట్టు నటించింది.

"ఎక్కడికెళ్తుంది," అన్నాడాయన. "ఇంట్లోనే ఉంది."

"అయితే ఆ ఊఁ అబద్ధం ఎలా అవుతుంది? నాకోసమే తిరిగింది. మీకే ఆలస్యంగా తెలిసింది," అని ఆవిడ లేచి చీరకంటిన ఇత్తడి రజను దులుపుకుంది. "అయినా నాలుగురోజులు నాతో మాట్లాడకపోవడమేంటండీ?"

ఇప్పుడు పదో అచ్చు బల్ల మీద ఉంది. పని సగమైంది. కుడికి పడటానికి ఎడమకి చెక్కుతూ, ప్రతి పది దెబ్బలకీ సబ్బులో నొక్కి చూసుకుంటున్నాడు. ఇదంతా రాసుకోవడానికి వచ్చి, వెళ్ళడానికి లేచిన మనిషిని ఆయన గుమ్మం దాకా సాగనంపాడు. సుత్తి చేతిలోనే ఉంది.

"అచ్చుకిచ్చే ముందు ఒకసారి మా ఆవిడకి చదివి వినిపించండి. పొరపాటు అని వచ్చినచోటల్లా పెన్సిల్‌తో రాసుకోండి. తను ఏమంటుందో చూసి సిరా పెడదాం."